ముఖం కప్పేసినా బాధ కనిపించాలి: ఒకే షాట్, మూడు భావాలు

"ఒకే త్రీడీ యానిమేషన్ షాట్‌ని మూడు రకాలుగా చేశాను. అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, చదివి లేచి నిలబడుతుంది. ఒకదాంట్లో బాధ, ఒకదాంట్లో భయం, ఒకదాంట్లో సంతోషం. క్లోజప్‌లో మూడూ బాగానే ఉన్నాయి. కెమెరా వెనక్కి తీస్తే మాత్రం మూడూ ఒకేలా కనిపిస్తున్నాయి. బాధ వెర్షన్‌ని నెమ్మదిగా చేస్తే స్లో మోషన్‌లా ఉందంటున్నారు. బాడీతో ఎలా చూపించాలి?"

ముందు ఒక పని చేయండి. ముఖం కంట్రోల్స్ అన్నీ ఆపేసి, అమ్మాయి తల మీద ఒక మామూలు బంతి పెట్టి, దాంతో ముఖం మొత్తం కప్పేయండి. తర్వాత మోడల్ మొత్తం నల్లగా కనిపించేలా చేయండి. బ్లెండర్‌లో అయితే సాలిడ్ వ్యూలో లైటింగ్ `Flat`, కలర్ `Single`, కొత్త వెర్షన్లలో అయితే `Custom`, పెట్టి నలుపు ఎంచుకుంటే చాలు. మాయాలో సీన్‌లో లైట్లు లేనప్పుడు `7` నొక్కితే మోడల్ నల్లబడిపోతుంది. ఇప్పుడు మూడు వెర్షన్లూ పక్కపక్కన పెట్టి ప్లే చేయండి. మీకు కనిపించే తేడా ఎంత ఉందో, మీ బాడీ యానిమేషన్‌లో ఉన్న భావం అంతే.

నేను పనిలో చేరిన మొదటి సంవత్సరం ఒక తల్లి ఏడ్చే షాట్ చేశాను. కనుబొమలు, పెదవి వణుకు, కన్నీళ్లు, అన్నీ వారం రోజులు కూర్చుని చేశాను. మా లీడ్ వచ్చి, ఒక పసుపు రంగు స్టిక్కీ నోట్ తీసి మానిటర్ మీద సరిగ్గా ఆ తల్లి ముఖం మీద అంటించి, "ఇప్పుడు ప్లే చెయ్" అన్నారు. స్క్రీన్ మీద ఒకావిడ బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఆ స్టిక్కీ నోట్ తీయకుండానే షాట్ మళ్లీ చేయించారు. ఇప్పటికీ నేను ముఖం కంట్రోల్స్‌ని ఆఖరికి వదిలేస్తాను.

మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. బొమ్మ ముఖం ఒకసారి గీసి, చెక్కి, రంగు వేశాక ఇక మారదు. యుద్ధంలోనూ అదే ముఖం, శోకంలోనూ అదే ముఖం. తెర మీద పడేది దాని నీడే. అయినా సీత ఏడుస్తోందని ఎక్కడో వెనక కూర్చున్న పిల్లాడికి కూడా తెలుస్తుంది. బొమ్మను ఎటు వంచారు, చెయ్యి ఎంతసేపటికి పైకి వచ్చింది, ఎక్కడ కదలకుండా ఆగింది, ఇవే అక్కడ పని చేస్తాయి. మీ షాట్‌కి కావాల్సింది కూడా ఇవే.

ఇక అసలు విషయం. మూడు వెర్షన్లలోనూ చేసే పని ఒకటే: కుర్చీలోంచి లేవడం. మామూలుగా మనిషి ఎలా లేస్తాడో ఒకసారి చూడండి. పాదాలు కాస్త వెనక్కి వస్తాయి, ఛాతీ ముందుకు వంగుతుంది, శరీరం బరువు పాదాల మీదికి వచ్చాక హిప్స్ సీటు నుంచి లేస్తాయి, తర్వాత మోకాళ్లు, నడుము నిటారవుతాయి. సెకనుకు 24 ఫ్రేములు అనుకుంటే మామూలు మనిషికి దీనికి సుమారు 40 ఫ్రేములు పడుతుంది. బహుశా మీరు ఈ 40 ఫ్రేముల లేవడాన్ని ఒకసారి చేసి, బాధకి 80కి సాగదీసి, సంతోషానికి 25కి కుదించి ఉంటారు. అందుకే మూడూ ఒకేలా ఉన్నాయి. భావం మొత్తం నిడివిలో ఉండదు. ఏ భాగం ముందు కదిలింది, దాని తర్వాతది ఎన్ని ఫ్రేములు ఆలస్యంగా కదిలింది, బరువు ఎక్కడుంది, ఎక్కడ ఆగింది, వీటిలో ఉంటుంది.

బాధ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. బాధలో ఉన్న మనిషి నెమ్మదిగా కదులుతాడని అనుకుంటాం. సగమే నిజం. బాధలో ఉన్న మనిషికి తన శరీరాన్ని పైకి ఎత్తుకునే ఓపిక ఉండదు. అంటే పైకి వెళ్లే కదలికలన్నీ నెమ్మదిస్తాయి. కిందికి వచ్చేవి మాత్రం నెమ్మదించవు. పైగా వాటిని ఆపే కండరం బిగువు లేదు కాబట్టి ఇంకా వేగంగా పడతాయి. మీరు రెండింటినీ సమానంగా నెమ్మది చేశారు. చెయ్యి ఒళ్లో పడటానికి 20 ఫ్రేములు పడితే, చూసేవాళ్లకి ఆ చెయ్యి బరువుగా అనిపించదు, నీళ్లలో తేలుతున్నట్టు అనిపిస్తుంది. స్లో మోషన్‌లా ఉందన్న మాట అక్కడి నుంచే వచ్చింది.

మీ షాట్‌లో ఫ్రేములవారీగా నేనైతే ఇలా పెడతాను. 1 నుంచి 30 వరకు అమ్మాయి రెండు చేతులతో ఫోన్ పట్టుకుని చదువుతోంది, ఊపిరి లోపలికి తీసుకుంటోంది. 30 దగ్గర చదవడం అయిపోయింది. 30 నుంచి 54 వరకు, అంటే పూర్తిగా ఒక సెకను, ఏమీ జరగదు. ఊపిరి లోపలే ఉంది. వార్త కంటికి చేరింది, మనసుకి ఇంకా చేరలేదు. ఈ ఒక్క సెకనుని కత్తిరించేయాలని మీకు చాలా అనిపిస్తుంది, కత్తిరించకండి. బాధ మొదలయ్యేది అక్కడే.

54 దగ్గర ఊపిరి వదులుతుంది. ముందు ఛాతీ దిగాలి. నాలుగు ఫ్రేముల తర్వాత, 58 దగ్గర, భుజాలు ముందుకు, లోపలికి జారడం మొదలవ్వాలి. ఇంకో నాలుగు ఫ్రేముల తర్వాత మెడ, తల. ఛాతీ 72కల్లా దిగిపోతుంది, తల మాత్రం 84 వరకు వాలుతూనే ఉంటుంది. ఈ వరస చాలా ముఖ్యం. తల ముందు వంగి, ఛాతీ తర్వాత దిగితే అది 'సరే' అని తల ఊపినట్టు ఉంటుంది, లేదా నిద్ర వచ్చినట్టు ఉంటుంది. లోపలి గాలి పోయి, దాని మీద నిలబడిన భుజాలు కూలి, భుజాల మీదున్న తల వాలితేనే అది బాధ.

ఈలోపు, 66 దగ్గర, ఫోన్ ఉన్న చెయ్యి తొడ మీద పడుతుంది. ఐదే ఫ్రేములు, 66 నుంచి 71. వేగం పెరుగుతూ పడాలి, కింద ఈజ్ పెట్టి వేగం తగ్గించకండి. తగిలాక మణికట్టు రెండు ఫ్రేములు చిన్నగా ఎగిరి ఆగాలి. నెమ్మదిగా సాగుతున్న షాట్ మధ్యలో ఈ ఒక్క వేగమైన పడటం వల్లే మిగతా అంతా బరువుగా కనిపిస్తుంది. మీ షాట్‌లో ఇంకేం మార్చలేకపోయినా ఈ చెయ్యి ఒక్కటి మార్చి చూడండి.

తర్వాత 84 నుంచి 130 వరకు హోల్డ్, అంటే ఆ భంగిమలోనే ఆగడం. కీఫ్రేములు కాపీ చేసి పూర్తిగా గడ్డకట్టించకండి, త్రీడీలో పాత్ర చచ్చిపోయినట్టు ఉంటుంది. తల ఇంకో ఒకటి రెండు డిగ్రీలు వాలుతూ ఉండనివ్వండి, ఊపిరి చాలా తక్కువగా కదలనివ్వండి. ముందున్న ఊపిరి ఎత్తుకి ఛాతీ మళ్లీ రాకూడదు. ప్రతి శ్వాసకీ కాస్త కిందే ఆగాలి.

లేవడం 130 దగ్గర మొదలవుతుంది. ఒక చెయ్యి మోకాలి మీదికి వస్తుంది, ఛాతీ ముందుకు వంగుతుంది, అక్కడ ఆగుతుంది. పది, పదిహేను ఫ్రేములు ఆగనివ్వండి. అప్పుడు చెయ్యి మోకాలిని నొక్కితే 160 ప్రాంతంలో హిప్స్ లేస్తాయి. అక్కడి నుంచి నిలబడటానికి 35 ఫ్రేములు. అంటే పైకి లేచే భాగం మామూలు కంటే మరీ ఎక్కువేమీ కాదు, అదనపు ఫ్రేములన్నీ హిప్స్ కదలకముందే ఖర్చయ్యాయి. లేవలేకపోవడం కనిపించేది అక్కడే. నిలబడ్డాక వెన్ను పూర్తిగా నిటారవ్వకూడదు, మోకాళ్లు కూడా కాస్త వంగే ఉండాలి. తల అన్నిటికంటే ఆఖర్న కదలాలి, అదీ సగం వరకే.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. షాట్‌ని రెట్టింపు వేగంతో ప్లే చేయండి. మామూలు మనిషి మామూలుగా లేచినట్టు కనిపిస్తే, మీరు సాగదీశారంతే. రెట్టింపు వేగంలో విచిత్రంగా, ఆగి ఆగి, చెయ్యి టప్పున పడుతూ కనిపిస్తే సరైన దారిలో ఉన్నారు.

భయానికి వద్దాం. కొత్తవాళ్లు భయం అనగానే పాత్రని వెంటనే వెనక్కి ఎగిరేలా చేస్తారు. శరీరం అలా స్పందించదు. 1939లో కార్నీ ల్యాండిస్, విలియం హంట్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు, పిస్టల్ శబ్దానికి మనుషులు ఉలిక్కిపడటాన్ని హైస్పీడ్ కెమెరాలతో తీసిన పరిశీలనలను పుస్తకంగా ప్రచురించారు. అందులో కనిపించిన వరస ఇది: కళ్లు మూసుకుంటాయి, తల ముందుకు వస్తుంది, భుజాలు పైకి లేస్తాయి, మోచేతులు, నడుము, మోకాళ్లు వంగుతాయి. అంటే శరీరం ముందు ముడుచుకుంటుంది. వెనక్కి జరగడం, పారిపోవడం ఆ తర్వాతి సంగతి. ఈ ముడుచుకోవడం లేకుండా వెనక్కి జరిగితే, ఎవరో తాడు కట్టి లాగినట్టు ఉంటుంది.

మెసేజ్ చదివి భయపడటం తుపాకీ శబ్దమంత పెద్దది కాదు, కాబట్టి మీకు దాని చిన్న రూపం చాలు. 30 దగ్గర చదివింది. 30 నుంచి 33 వరకు, మూడే ఫ్రేముల్లో, భుజాలు ఒక అంగుళం పైకి, మోచేతులు పక్కటెముకల దగ్గరికి, మెడ కాస్త లోపలికి. 33 నుంచి 57 వరకు స్తంభించిపోవాలి. బాధ వెర్షన్‌లోనూ ఇక్కడ ఒక సెకను ఆగాం కదా, తేడా ఏమిటంటారా? అక్కడ శరీరం వదులుగా ఆగింది, ఇక్కడ బిగుసుకుని ఆగింది. ఈ బిగువుని చూపించేది ఆగిపోయిన ఊపిరి. ఆగిందని తెలియాలంటే అంతకుముందు ఊపిరి నడుస్తున్నట్టు చూపించి ఉండాలి. విశ్రాంతిగా ఉన్న మనిషికి ఒక శ్వాస నాలుగైదు సెకన్లు, అంటే సుమారు వంద ఫ్రేములు. మీకు మొదట్లో ఉన్నవి 30 ఫ్రేములే, పూర్తి శ్వాస పట్టదు. కాబట్టి షాట్ మొదట్లో ఇంకో 70 ఫ్రేములు చేర్చి, అమ్మాయి తీరిగ్గా ఊపిరి పీల్చి వదలడం ఒకసారి కనిపించనివ్వండి. ఈ మాట చాలామంది వినరు, షాట్ పొడుగవుతుందని. కానీ అది లేకపోతే ఆ స్తంభన ఉత్త హోల్డ్‌లా, రెండర్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

57 దగ్గర తల ఒక్కటే తలుపు వైపు తిరుగుతుంది, ఆరు ఫ్రేముల్లో. ఛాతీ తిరగదు. పన్నెండు ఫ్రేముల తర్వాతే ఛాతీ, అదీ సగమే. హిప్స్ అసలు తిరగవు, ఇంకా చెప్పాలంటే తలుపు నుంచి దూరంగా కాస్త జరుగుతాయి. తల ప్రమాదం వైపు, హిప్స్ దానికి దూరంగా. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా లాగడమే భయం నీడలో కనిపించే తీరు. మొత్తం శరీరం ఒకేసారి తలుపు వైపు తిరిగితే అది భయం కాదు, కుతూహలం.

లేవడం రెండు ముక్కలుగా జరగాలి. పాదాలు కుర్చీ కిందికి వెళ్లి మడమలు పైకి లేస్తాయి. హిప్స్ సీటు నుంచి జానెడు లేచి ఆగిపోతాయి. పది ఫ్రేములు అలాగే, తొడలు బిగించి, లేవనూ లేక కూర్చోనూ లేక. తర్వాత ఎనిమిది, తొమ్మిది ఫ్రేముల్లో పైకి. నిలబడ్డాక బరువు తలుపుకి దూరంగా ఉన్న కాలి మీద, ఒక చెయ్యి ఇంకా కుర్చీని పట్టుకునే. అప్పుడు ఊపిరి తిరిగి మొదలవుతుంది, ఛాతీ పై భాగంలో, పాతిక, ముప్పై ఫ్రేములకు ఒకటి చొప్పున.

వణుకు గురించి ఒక మాట. శరీరం మొత్తానికి నాయిస్ మాడిఫయర్ వేసి వదిలేయకండి. అది చలిలా కనిపిస్తుంది. వణుకు ఫోన్ పట్టుకున్న చేతిలో మాత్రమే ఉంచండి. రెండు ఫ్రేములకొకసారి అటూ ఇటూ, చాలా తక్కువ దూరం, అదీ స్తంభన అయిపోయాకే. బిగుసుకున్నంతసేపు వణుకు పెట్టకండి, బిగువు సడలాక పెట్టండి.

సంతోషం మీకు ఎక్కువ కష్టం కాదనుకుంటాను, అక్కడ ప్రధానంగా రెండు తప్పులు వస్తాయి. మొదటిది, అమ్మాయి చదవగానే ఎగిరి గంతేయడం. బాధకి 24 ఫ్రేములు ఆగాం కదా, దీనికి ఎనిమిది ఆగండి. ఆ ఎనిమిదిలో ఊపిరి లోపలికి వెళ్లి ఛాతీ ఎముక పైకి లేవాలి, మోచేతులు ఒంటి నుంచి దూరంగా జరగాలి. నల్ల నీడలో చూస్తే చేతులకీ నడుముకీ మధ్య ఖాళీ వెలుతురు కనిపిస్తుంది. బాధలో, భయంలో ఆ ఖాళీ మూసుకుపోయి ఉంటుంది. దూరం నుంచి చూసేవాళ్లకి ముందుగా తెలిసే తేడా ఇదే. తర్వాత ఛాతీ ముందుకు, కిందికి ఆరు ఫ్రేములు, అక్కడి నుంచి ఏడు ఫ్రేముల్లో పైకి. ఛాతీ ముందు లేవాలి, హిప్స్ దాని వెనకాలే రావాలి. బాధలో శరీరాన్ని చేత్తో నెట్టి లేపాం, ఇక్కడ ఛాతీయే శరీరాన్ని లాక్కెళ్తుంది.

రెండో తప్పు గాల్లో ఉన్న సమయం. నిలబడే ఊపులో చిన్న గంతు పెడతారు కదా, ఆ గంతు ఎత్తుకీ ఫ్రేములకీ సంబంధం ఉంది. భూమి ఆకర్షణ ప్రకారం ఆరు ఫ్రేములు, అంటే పావు సెకను గాల్లో ఉంటే పాదాలు లేచేది సుమారు 8 సెంటీమీటర్లు. పన్నెండు ఫ్రేములు ఉంటే 30 సెంటీమీటర్లు. సమయం రెట్టింపైతే ఎత్తు నాలుగింతలు. ఆరు ఫ్రేముల్లో 30 సెంటీమీటర్లు ఎగిరిస్తే బొమ్మ బరువు లేని ప్లాస్టిక్‌లా టక్కున కొట్టుకుంటుంది. పన్నెండు ఫ్రేముల్లో 8 సెంటీమీటర్లే లేపితే చంద్రుడి మీద నడిచినట్టుంటుంది. కార్టూన్ స్టైల్‌లో ఈ లెక్క కావాలని తప్పొచ్చు, కానీ మీ అమ్మాయి రిగ్ మామూలు మనిషి కొలతల్లో ఉందంటే లెక్కలోనే ఉండండి. నేనైతే ఆరు ఫ్రేములే వాడతాను. దిగాక మోకాళ్లు నాలుగు ఫ్రేములు వంగి, పన్నెండు ఫ్రేముల్లో సర్దుకోవాలి. రెండో గంతు పెట్టాలనిపిస్తే మొదటిదానికంటే చిన్నది పెట్టండి, రెండు గంతుల మధ్య విరామం కూడా మారాలి. సమానంగా పెడితే స్కిప్పింగ్ ఆడుతున్నట్టు ఉంటుంది.

ఇదంతా చేసేముందు ఫోన్‌తో మీరే నటించి వీడియో తీసుకోండి, ముఖానికి కర్చీఫ్ కట్టుకుని. ఫోన్లు చాలావరకు సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి, మీ షాట్ 24లో ఉంటుంది. వీడియోలో 15 ఫ్రేములు పట్టిన కదలిక మీ టైమ్‌లైన్‌లో 12 అవుతుంది. ఈ మార్పు చూసుకోకుండా అంకెలు నేరుగా దించుకుంటే అన్నీ పావు వంతు నెమ్మదిగా వస్తాయి. మీ బాధ వెర్షన్‌లో ఇదీ జరిగిందేమో చూడండి. పైన నేను ఇచ్చిన అంకెలు కూడా మీ వీడియోతో పోల్చి మార్చుకోండి, వరస మాత్రం మార్చకండి.

బ్లాకింగ్‌ని, అంటే ముఖ్య భంగిమల్ని, ఒకదాని నుంచి ఇంకోదానికి నేరుగా దూకే స్టెప్డ్‌లోనే పూర్తిగా ఓకే చేసుకున్నాక స్ప్లైన్‌కి వెళ్లండి. స్ప్లైన్ చేసిన క్షణం సాఫ్ట్‌వేర్ ప్రతి రెండు కీఫ్రేముల మధ్యా సమానంగా మెత్తగా కలిపేస్తుంది, ఆ ఐదు ఫ్రేముల చెయ్యి పడటం కూడా మెత్తబడిపోతుంది. గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ చేతి కర్వ్ చివర టాంజెంట్ విరిచి, తగిలే ఫ్రేము దగ్గర కోణం పదునుగా ఉంచండి. భయంలోని మూడు ఫ్రేములకీ ఇదే చేయాలి.

మూడు నీడలూ వేరువేరుగా తెలిశాక బంతి తీసేసి ముఖం ఆన్ చేయండి. అప్పుడు మీరు మొదట చేసిన ఎక్స్‌ప్రెషన్లలో సగం తగ్గించాల్సి వస్తుంది. కళ్లు తల కంటే రెండు, మూడు ఫ్రేములు ముందు కదలాలి. బాధలో అయితే నోరు కదలాల్సింది చెయ్యి తొడ మీద పడిన తర్వాతే, 75 ప్రాంతంలో.

సవరించాక బాధ వెర్షన్ నల్ల నీడ ప్లేబ్లాస్ట్ వీడియో ఒక్కటి ఇక్కడ పెట్టండి, ముఖం లేకుండా. 54 నుంచి 84 వరకు ఛాతీ, భుజాలు, తల వరస ఎలా వచ్చిందో చూసి చెబుతాను.